పాత నగ మార్పిడి: తరుగు శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు

ప్రశ్న: "అమ్మ పాత కెంపుల నెక్లెస్, ఐదు కాసులది, ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నాం. ఒక షాపువాళ్లు పాతదాని మీద తరుగు అసలు తీయం అంటున్నారు. ఇంకొకళ్లు మూడు శాతం తీస్తాం అన్నారు. మొదటివాళ్ల దగ్గరికే వెళ్లడం లాభం కదా?"

అంత తొందరపడకండి. పాతదాని మీద తీసే తరుగు ఒక్కటే లెక్క కాదు. దానికి ముందు నికర బరువు, టచ్, కట్టిన రేటు ఉన్నాయి. దాని తర్వాత కొత్త నగ మీద వేసే తరుగు ఉంది. "తరుగు లేదు" అని బోర్డు పెట్టినచోట మిగతావాటిలో ఎక్కడో ఒకచోట రాబట్టుకునే వీలుంది. అసలు పాత నగ మీద తీసేదాన్నీ, కొత్త నగ మీద కలిపేదాన్నీ రెంటినీ తరుగు అనే పిలవడం వల్లే సగం గందరగోళం.

ముందు బరువు. ఐదు కాసులంటే 40 గ్రాములు. కానీ కెంపుల నెక్లెస్ కాబట్టి అందులో రాళ్లూ, వాటి కింద లక్కా ఉంటాయి. పాత బిల్లు ఉంటే నికర బరువు దానిమీదే ఉంటుంది, తీసుకెళ్లండి. లేకపోతే రాళ్లకి "అందాజుగా ఇంత" అని తీసేయడానికి ఒప్పుకోకండి. మార్చుకోవడం ఖాయమయ్యాక మీ ఎదురుగానే రాళ్లు ఊడదీయించి, బంగారాన్ని విడిగా తూయించండి. ఆ కెంపులు మీవే, అడిగి తెచ్చుకోండి. లెక్క కోసం రాళ్లూ లక్కా కలిపి 4 గ్రాములు, నికరం 36 గ్రాములు అనుకుందాం.

తర్వాత టచ్, అంటే నూటికి ఎంత మేలిమి ఉందన్నది. ఎక్కువ డబ్బు చప్పుడు లేకుండా పోయేది ఇక్కడే. ఊళ్లో కంసాలి చేసిన పాత నగలు 916 ఉండాలని లేదు. మెషిన్‌లో పెడితే 88 వచ్చిందనుకోండి. కౌంటర్ దగ్గరున్నాయన కాలిక్యులేటర్‌లో 36ని 0.88తో గుణించి 31.68 గ్రాములు అంటాడు. దాన్ని ఆరోజు 22 క్యారెట్ రేటుతో గుణిస్తాడు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది, కానీ అది తప్పు. 88 అన్నది 24 క్యారెట్‌తో పోల్చి చెప్పిన అంకె, 22 క్యారెట్ బంగారమే 91.6. కాబట్టి 22 క్యారెట్ రేటు కడుతుంటే 88ని 91.6తో భాగించాలి. అప్పుడు మీ 36 గ్రాములు 22 క్యారెట్ లెక్కలో 34.585 గ్రాములు అవుతాయి. గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే సరైన లెక్కకి 3,45,850 రావాలి, ఆయన లెక్కకి 3,16,800 వస్తుంది. తరుగు పైసా తీయకుండానే 29,050 రూపాయలు పోయాయి. 0.88తోనే గుణిస్తానంటే 24 క్యారెట్ రేటు కట్టమనండి, రెండూ దాదాపు ఒకటే వస్తాయి.

మెషిన్ అంకెని కూడా కాస్త అనుమానంగానే చూడాలి. అది ఎక్స్‌రేతో పై పొరను మాత్రమే చదువుతుంది. టంకం పెట్టిన అతుకు మీద పెడితే తక్కువ చూపిస్తుంది, పైన మెరుగు పూత ఉన్నచోట ఎక్కువ చూపిస్తుంది. అతుకులు లేని మూడు చోట్ల చూడమని అడగండి. నగ మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉంటే ముందే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి, ఎంత స్వచ్ఛతకి ముద్ర వేశారో వస్తుంది. మీది పాత నగ కాబట్టి ఉండకపోవచ్చు. దాన్ని సాకుగా చూపి ఎక్కువ తీస్తామంటే ఒప్పుకోకండి. ముద్ర లేని పాత నగ మార్చుకోవడానికి అడ్డేమీ లేదు, కొత్తది అమ్మేటప్పుడు ముద్ర ఉండాల్సింది వాళ్లకి.

రేటు విషయం ఒక్క మాటలో చెప్తాను. కొన్నిచోట్ల కొత్త నగకి బోర్డు రేటు వేసి, పాతదానికి గ్రాముకి 200 తగ్గించి కడతారు. 10,000 మీద 200 అంటే రెండు శాతం తరుగే, పేరు మాత్రం వేరు.

ఇప్పుడు మీ రెండు షాపులు. ఇద్దరూ టచ్ సరిగ్గానే లెక్కకట్టి, బోర్డు రేటే వేశారనుకుందాం. మీరు తీసుకునేది రెండుచోట్లా ఒకే రకం పనితనమున్న 40 గ్రాముల నగ. మొదటి షాపులో కొత్తదాని మీద మజూరీతో కలిపి తరుగు 18 శాతం, రెండో షాపులో 10 శాతం అనుకోండి. మొదటిచోట బంగారం నాలుగు లక్షలు, తరుగు 72,000, రెంటి మీదా కలిపి మూడు శాతం జీఎస్టీ 14,160, మొత్తం 4,86,160. పాతదాని 3,45,850 పోను మీరు కట్టేది 1,40,310. రెండోచోట కొత్తది జీఎస్టీతో 4,53,200. పాతదానిలో మూడు శాతం తీస్తే మీకు జమయ్యేది 3,35,475. అంటే కట్టేది 1,17,725. మూడు శాతం తీసుకున్న షాపులోనే మీకు 22,585 మిగిలింది. జీఎస్టీ కొత్త నగ మొత్తం విలువ మీద పడుతుంది, మీరు చేతి నుంచి ఇచ్చే తేడా మీద కాదు. అది తెలియక చాలామంది బిల్లు దగ్గర గొడవ పడతారు.

అందుకే ఏ షాపుకెళ్లినా "తరుగు ఎంత?" అని అడగకండి. "ఈ పాతది ఇచ్చి ఈ కొత్తది తీసుకుంటే అన్నీ కలిపి చేతి నుంచి ఎంత కట్టాలి?" అని అడిగి, నికర బరువు, టచ్, రేటు, రెండు తరుగులు విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. చీటీ వెనక పెన్సిల్‌తో గీసి మొత్తం మాత్రం చూపించే అలవాటు ఇంకా పోలేదు, నాకు ఒళ్లు మండేది అక్కడే. లక్షల బేరం అది, అంకెలు రాసివ్వడానికి ఏం కష్టం?

కరిగించడం మాత్రం అన్నిచోట్లా అడిగి, షాపు ఖాయం చేసుకున్నాకే. ఒకసారి ముద్దయ్యాక అది మీ నెక్లెస్ అని చెప్పడానికి పాత బిల్లు పనికిరాదు, బేరమాడే బలం పోతుంది. కరిగించేటప్పుడు పక్కనే నిలబడండి. మూసలో వేసి, కాస్త వెలిగారం చల్లి మంట పెడతారు. మట్టీ, మిగిలిన లక్కా పోతాయి కాబట్టి బరువు కొంత తగ్గడం మామూలే, బంగారం మాత్రం ఆ మంటకి ఆవిరైపోదు. పోసేశాక మూస అడుగు చూపించమనండి, ఆవగింజంత గుండ్లు అంటుకుని ఉంటే గీకి కలపమనండి. తర్వాత ముద్దని మళ్లీ తూచి, మళ్లీ టచ్ చూస్తారు. ఇక ఆ బరువూ ఆ టచ్చే లెక్క. అంతా అయ్యాక "కరుగు తరుగు రెండు శాతం" అని ఇంకో గీత కనిపిస్తే కొట్టేయించండి, ఆ నష్టం అప్పటికే తూకంలో పోయింది.