ఖర్చు ఎక్కడ పెరుగుతోందో చూపించే చార్ట్: ఏ గళ్లు తీసుకోవాలి, ఏ రకం ఎంచుకోవాలి

ప్రశ్న: ఆరు నెలలుగా ఇంటి ఖర్చులు గూగుల్ షీట్స్‌లో రాస్తున్నాను. నెలనెలా పెరుగుతున్నాయని తెలుస్తోంది గానీ, ఎక్కడ పెరుగుతున్నాయో అంకెలు చూస్తే అర్థం కావడం లేదు. చార్ట్ పెడితే చివర్లో ఒక్క కమ్మీ ఆకాశానికి పోయి, మిగతావన్నీ నేలకు అతుక్కుపోయాయి. గుండ్రటి Pie chart, అదే పై చార్ట్, పెడితే సగం వృత్తం ఒకే రంగు, మిగతా సగంలో ఆరు సమానమైన ముక్కలు. రేంజ్ మార్చి చూస్తే జనవరి మాయమైంది, రంగుల పక్కన పేర్లకు బదులు 15000, 9200 అని వచ్చాయి. పట్టిక జత చేశాను. ఎక్కడ పొరబడుతున్నాను?

జవాబు: మీ అంకెల్లో తప్పేమీ లేదు. మూడు ఇబ్బందులూ చార్ట్‌కి ఏ గళ్లు ఇచ్చారన్న దగ్గరే పుట్టాయి. ముందు పట్టికను పక్కనే పెట్టుకుందాం. నెలల పేర్లు A కాలమ్‌లో, శీర్షికలు 1వ వరుసలో ఉన్నాయి.

| నెల | అద్దె | సరుకులు | ప్రయాణం | ఇతరాలు | మొత్తం |
|---|---|---|---|---|---|
| జనవరి | 15000 | 9200 | 3100 | 4700 | 32000 |
| ఫిబ్రవరి | 15000 | 9000 | 3000 | 5200 | 32200 |
| మార్చి | 15000 | 9400 | 3200 | 5900 | 33500 |
| ఏప్రిల్ | 15000 | 9100 | 3000 | 6800 | 33900 |
| మే | 15000 | 9300 | 3100 | 7700 | 35100 |
| జూన్ | 15000 | 9200 | 3200 | 8900 | 36300 |
| మొత్తం | 90000 | 55200 | 18600 | 39200 | 203000 |

పట్టికలో ఏదో ఒక గడి మీద క్లిక్ చేసి Insert, Chart నొక్కితే షీట్స్ తనంతట తానే చుట్టూ ఉన్న గళ్లన్నీ, అంటే A1:F8, తీసేసుకుంటుంది. ఆఖరి వరుస మీ కూడిక అని దానికి తెలియదు. 'మొత్తం' అనే పేరుతో ఏడో నెల ఏదో ఉందనుకుంటుంది. జూన్ మొత్తం 36300 అయితే ఈ 'ఏడో నెల' 203000. దాని ఎత్తుకు సరిపోయేలా అక్షం సాగితే మిగతా నెలలకు మిగిలేది ఐదో వంతు కూడా కాదు. ఆకాశానికి పోయిన కమ్మీ అదే.

పై చార్ట్‌లో సగం వృత్తం కూడా దాని పనే. పై చార్ట్ ఒకేసారి ఒక్క కాలమ్ అంకెలనే చూపగలదు. మీ పట్టికలో నెలల పక్కనున్న మొదటి కాలమ్ అద్దె కాబట్టి దాన్ని తీసుకుంది. ఆరు నెలల అద్దె ఆరు సమాన ముక్కలు, వాటి కూడిక 90000 మిగతా సగం. మీరు ఖర్చుల తీరు చూద్దామనుకున్నారు, అది అద్దెను రెండుసార్లు లెక్కపెట్టి చూపించింది. ఏ పై చార్ట్‌లోనైనా ఒక ముక్క కచ్చితంగా సగం ఆక్రమిస్తే ముందు కూడిక వరుసనే అనుమానించండి.

ఇప్పుడు సరిచేద్దాం. చార్ట్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కుడివైపు Chart editor తెరుచుకుంటుంది. అందులో Setup ట్యాబ్‌లో Data range అనే పెట్టె ఉంటుంది. అక్కడ ఇలా రాయండి:

```
A1:E7
```

రెండు చోట్ల కత్తిరించాం. కింద 8వ వరుస పోయింది, కుడివైపు F కాలమ్ పోయింది. F ఎందుకంటే, కాసేపట్లో మనం ఖర్చులను ఒకదాని మీద ఒకటి పేర్చబోతున్నాం. పేర్చినప్పుడు కమ్మీ ఎత్తే మొత్తం అవుతుంది. F కూడా ఉంటే ఆ మొత్తం మళ్లీ పైన ఎక్కి జనవరి 32000 బదులు 64000 దగ్గర నిలబడుతుంది. కమ్మీ ఎత్తు మీ పట్టికలోని మొత్తానికి సరిగ్గా రెట్టింపు ఉంటే ఇదే కారణం.

కత్తిరించేటప్పుడు పైన మాత్రం చెయ్యి పెట్టకండి. జనవరి మాయమైంది అక్కడే. రేంజ్‌ను A2 నుంచి మొదలుపెట్టి ఉంటారు. Setup కింది భాగంలో Use row 1 as headers అనే టిక్ ఉంటుంది. రేంజ్ A2 నుంచి మొదలైతే అది Use row 2 as headers గా మారుతుంది, టిక్ మాత్రం అలాగే ఉంటుంది. దాంతో జనవరి వరుస అంకెలుగా కాక పేర్లుగా చెలామణి అయింది. అద్దె రంగు పేరు '15000', సరుకుల రంగు పేరు '9200'. టిక్ తీసేస్తే జనవరి తిరిగి వస్తుంది కానీ రంగులకు పేర్లు ఉండవు. కాబట్టి శీర్షికల వరుసను రేంజ్‌లో ఉంచి, టిక్ కూడా ఉంచడమే దారి. పక్కనే Use column A as labels కూడా టిక్ అయి ఉందో లేదో చూడండి, నెలల పేర్లు అడుగున వచ్చేది దానివల్లే.

కొందరు పట్టిక పైన 'ఇంటి ఖర్చులు' అని పెద్ద అక్షరాలతో ఒక వరుస రాసుకుంటారు. అలా ఉంటే రేంజ్ ఆ వరుస నుంచి కాదు, దాని కింద 'నెల, అద్దె, సరుకులు' అని ఉన్న వరుస నుంచి మొదలవ్వాలి. శీర్షిక అంటే షీట్స్‌కి ఒక్కో కాలమ్ పేరే తప్ప పట్టిక పేరు కాదు. శీర్షికలుగా సంవత్సరాలు రాసుకునేవారికి ఇంకో తిరకాసు ఉంది. 2023, 2024 అని ఉంటే అవీ అంకెలే కదా అని షీట్స్ వాటిని ఖర్చుల్లో కలిపేసే అవకాశం ఉంది. అప్పుడు ఆ టిక్ మీరే పెట్టాలి.

గళ్లు కుదిరాయి కాబట్టి ఇక రకం. Chart type జాబితా తెరిచి, చూడ్డానికి బాగున్నది ఎంచుకోవడం చాలామంది చేసే పని. మీ ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోండి, రకం దానంతట అదే తేలుతుంది. 'ఖర్చులో దేనికి ఎంత వాటా' అన్నది ఒక ప్రశ్న, 'ఏది పెరుగుతోంది' అన్నది వేరే ప్రశ్న. మీది రెండోది. పై చార్ట్ మొదటిదానికే పనికొస్తుంది. ఆరు నెలల కూడికలతో సరైన పై చార్ట్ గీసినా అద్దె 44.3 శాతం, ఇతరాలు 19.3 శాతం అని చూపిస్తుంది. అంకెలు అబద్ధం కాదు. కానీ అది చూసిన మనిషి చూపు అద్దె మీదికి పోతుంది, చిన్న ఇల్లు వెతకాలేమో అనిపిస్తుంది. ఆరు నెలల్లో అద్దె ఒక్కసారి కూడా కదలలేదన్న సంగతి ఆ వృత్తంలో ఎక్కడా లేదు. ఇంటి లెక్కలకు పై చార్ట్‌ను నేను చాలా అరుదుగా వాడతాను, కారణం ఇదే.

Stacked column chart ఎంచుకోండి. నెలకొక కమ్మీ, దానిలో నాలుగు రంగులు. ఎత్తు 32000 నుంచి 36300కు పెరగడం కనిపిస్తుంది, ఆ పెరుగుదల ఏ రంగులో ఉందో కూడా కనిపిస్తుంది. ఒక చిక్కుంది. అట్టడుగు రంగు మాత్రమే సమంగా ఉన్న గీత మీద నిలబడుతుంది. పైవన్నీ కిందివాటి ఎత్తును బట్టి పైకీ కిందికీ ఊగుతాయి కాబట్టి వాటి పెరుగుదలను కంటితో పోల్చడం కష్టం. మీ పట్టికలో అడుగున కదలని అద్దె, దానిపైన పెద్దగా కదలని సరుకులు, ప్రయాణం ఉండటం అదృష్టం. అందుకే అన్నిటికంటే పైనున్న 'ఇతరాలు' మెట్లలా లేస్తూ స్పష్టంగా కనబడుతుంది. ఖర్చులన్నీ మారుతుండే ఇంట్లో అయితే, మీకు అనుమానమున్న ఖర్చును పట్టికలో నెలల పక్కన మొదటి కాలమ్‌గా పెట్టుకోవడం మేలు.

అనుమానం ఒక్కదాని మీదికి వచ్చాక దాన్ని విడిగా చూడాలి. ఇంకో చార్ట్ పెట్టి Data range పెట్టెలో ఇది రాయండి, మధ్యలో కామా మరవకండి:

```
A1:A7,E1:E7
```

రెండు ముక్కల వరుసలూ 1 నుంచి 7 దాకా ఒకేలా ఉండాలి. Combine ranges దగ్గర Horizontally ఉండాలి. రకం Line chart. ఇప్పుడు ఒక్క గీత 4700 నుంచి 8900 దాకా లేస్తుంది. దాన్ని చూసి కంగారు పడే ముందు ఎడమవైపు అక్షం ఎక్కడ మొదలైందో చూడండి. గీతల చార్ట్‌లో షీట్స్ కొన్నిసార్లు అక్షాన్ని సున్నా దగ్గర కాక, మీ అతి చిన్న అంకెకు దగ్గర్లో మొదలుపెడుతుంది. 4000 దగ్గర మొదలైతే రెట్టింపు కూడా కాని పెరుగుదల ఏడింతలైనట్టు కనిపిస్తుంది. Customize ట్యాబ్‌లో Vertical axis తెరిచి Min దగ్గర 0 పెట్టండి. అప్పుడు గీత ఎంత నిటారుగా ఉందో అంతే నమ్మవచ్చు.

ఇక డబ్బు మాట. నెల ఖర్చు 4300 పెరిగింది. అందులో 4200 'ఇతరాలు' ఒక్కటే. జనవరిలో అది మొత్తం ఖర్చులో 14.7 శాతం, జూన్‌కు 24.5 శాతం. అద్దె, సరుకులు, ప్రయాణం మీద పొదుపు ప్రయోగాలు చేసి ఇంట్లో వాళ్లను ఇబ్బంది పెట్టనక్కర్లేదు. కానీ 'ఇతరాలు తగ్గించండి' అని నేనూ చెప్పలేను, ఎందుకంటే అది ఖర్చు కాదు, పేరు పెట్టని ఖర్చులన్నీ వేసే మూట. ఏప్రిల్, మే, జూన్ నెలల మూటలు విప్పి, మీ బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుని రెండు మూడు కాలమ్‌లుగా విడగొట్టండి. బయట తిండి ఒకటి, నెలనెలా తమంతట తామే కట్ అయ్యే చందాలు ఒకటి, వైద్యం ఒకటి, ఇలా. కొత్త కాలమ్‌లను 'మొత్తం' కాలమ్‌కి ముందే పెట్టి, రేంజ్‌ను కూడా ఆ మేరకు కుడివైపు పెంచడం మరవకండి, 'మొత్తం' మాత్రం బయటే ఉండాలి. ఖర్చుల చివర్లో కొత్త కాలమ్ చేరిస్తే చార్ట్ దాన్ని గమనించకపోవచ్చు.

విడగొట్టేటప్పుడు గళ్లలో అంకె తప్ప ఇంకేమీ రాయవద్దు. '1200 సుమారు' అని రాస్తే మీకు అర్థమవుతుంది, షీట్స్‌కి అది అక్షరాలే. గుర్తుపట్టడం సులువు. అంకెలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఎడమకు జరిగిన అంకె చార్ట్‌లో కనిపించదు, కూడికలోనూ చేరదు.

జూలై నుంచి ఏం చేయాలంటే, కింది 'మొత్తం' వరుసను అక్కడి నుంచి తీసేసి వేరే షీట్‌లో పెట్టుకోండి. A కాలమ్‌లో డిసెంబరు దాకా నెలల పేర్లు రాసి, రేంజ్‌ను ఒకేసారి A1:E13 చేయండి, 'ఇతరాలు' విడగొట్టి ఉంటే E బదులు చివరి ఖర్చు కాలమ్ అక్షరం రాయండి. ప్రతి నెలా చార్ట్‌ను కెలకనక్కర్లేదు. రాబోయే నెలల గళ్లు ఖాళీగా వదిలేయండి, సున్నాలు వేయకండి. సున్నా వేస్తే జూలైలో మీ ఖర్చు మాయమైనట్టు గీత నేలకు పడిపోతుంది.

ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం లాంటివి వచ్చిన నెలలో కమ్మీ ఒక్కసారిగా లేస్తుంది. అది పెరుగుదల కాదు, ముందే తెలిసిన ఖర్చు. దానికి 'మొత్తం' కాలమ్ తర్వాత విడిగా ఒక కాలమ్ పెట్టుకుని, ఈ చార్ట్ రేంజ్‌లోకి రానివ్వకండి.