ఇంట్లో చేతికిచ్చిన డబ్బుకు బ్యాంకు పూచీ పడుతుందా?

ప్రశ్న: మా ఊరి బ్యాంకులో పనిచేసే ఆయన మాకు బాగా తెలుసు. నాన్నగారు ఇంట్లోనే ఆయనకు రెండు లక్షలిచ్చి ఖాతాలో వేయమన్నారు. పాస్‌బుక్‌లో చేత్తో రాసిచ్చాడు కానీ డబ్బు ఖాతాలో పడలేదు. ఆయన బ్యాంకు ఉద్యోగే కదా, బ్యాంకు ఇవ్వాల్సిందే కదా?

ఉద్యోగి అయినంత మాత్రాన ఇవ్వక్కర్లేదు. ఆ డబ్బు ఆయన బ్యాంకు మనిషిగా తీసుకున్నాడా, తెలిసినవాడిగా తీసుకున్నాడా అన్న దాని మీదే కేసంతా నడుస్తుంది. మా పిన్ని విషయంలో నేను దగ్గరుండి చూశాను.

పిన్ని టైలరింగ్ చేసి కూడబెట్టిన డబ్బును వాళ్ల వీధిలోనే ఉండే బ్యాంకు గుమాస్తాకు ఇచ్చేది. కొన్నిసార్లు బ్యాంకుకు వెళ్లి కౌంటర్లో అతనికే కట్టేది. కొన్నిసార్లు ఆదివారం కాఫీ తాగడానికి వచ్చినప్పుడు పాస్‌బుక్‌తో సహా చేతిలో పెట్టేది. మోసం బయటపడ్డాక ఇద్దరం మేనేజర్ దగ్గరికి వెళ్లాం. ఆయన పాస్‌బుక్ తెరిచి ఒక్కో ఎంట్రీ మీద వేలు పెట్టి అడిగారు: "ఇది ఎక్కడ ఇచ్చారమ్మా? స్లిప్పు ఉందా?" పిన్ని సంచిలోంచి నలిగిన కౌంటర్‌ఫాయిళ్లు తీసింది. శాఖ స్టాంపు ఉన్నవాటిని ఒక పక్కన పెట్టారు. ఇంట్లో ఇచ్చినవాటికి చేతిరాత ఎంట్రీ తప్ప ఏమీ లేదు. "మన వీధివాడే, రసీదు అడిగితే ఏమనుకుంటాడో అని" అంది పిన్ని. స్టాంపు ఉన్న మొత్తాలు కొన్నాళ్లకు ఖాతాలో పడ్డాయి. మిగతావాటికి ఆ గుమాస్తా మీద కేసు పెట్టుకోమన్నారు.

మేనేజర్ ఆ గీత సొంతంగా గీసింది కాదు. 1978లో సుప్రీంకోర్టు శ్యామాదేవి కేసులో చెప్పింది అదే. అలహాబాద్ ఇంపీరియల్ బ్యాంకులో, అంటే తర్వాతి స్టేట్ బ్యాంకులో, ఆమెకు ఖాతా ఉండేది. ఆమె భర్త తమ స్నేహితుడూ పొరుగువాడూ అయిన బ్యాంకు ఉద్యోగికి జమ చేయమని డబ్బిచ్చాడు. అతను పాస్‌బుక్‌లో తప్పుడు ఎంట్రీలు రాసి డబ్బు కాజేశాడు. హైకోర్టు ఆమె పక్షాన నిలిచినా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డబ్బు స్నేహితుడిగా అతని చేతికి వచ్చిందే తప్ప బ్యాంకు వ్యవహారంలో భాగంగా రాలేదు, కాబట్టి బ్యాంకు బాధ్యత లేదంది. బ్యాంకులో ఉద్యోగం ఉండబట్టి మోసం చేసే వీలు దొరికిందన్న ఒక్క కారణం సరిపోలేదు.

ఈ తీర్పు సామాన్యుల మీద చాలా కఠినంగా ఉందని నా గట్టి అభిప్రాయం. పక్కింటివాడు కిరాణా కొట్టు పెట్టుకున్నవాడైతే పిన్ని అతనికి డబ్బిచ్చేదా? బ్యాంకు కుర్చీని చూసే కదా ఇచ్చింది! పైగా మా దగ్గరి శాఖల్లో పొద్దున వెళ్తే సర్వర్ డౌన్ అంటారు, మధ్యాహ్నం వెళ్తే క్యాష్ కౌంటర్ మూసేశామంటారు. దుకాణం కట్టేసి రెండుసార్లు తిరిగిన మనిషి తెలిసినవాడి చేతిలో డబ్బు పెట్టక ఏం చేస్తుంది? కోర్టులు ఈ తిప్పలనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇదే సూత్రం ఖాతాదారుకు అనుకూలంగానూ పనిచేస్తుంది. 2022లో సుప్రీంకోర్టుకు కిసాన్ వికాస్ పత్రాల కేసు ఒకటి వచ్చింది. దంపతులు వాటిని ఒక ఏజెంటుకు అప్పగిస్తే, పోస్టాఫీసు ఉద్యోగి సాయంతో ఆ ఏజెంటే వాటిని నగదు చేసుకుంది. ఏజెంటును నమ్మింది మీరే కదా అని పోస్టాఫీసు తప్పించుకోలేకపోయింది. పత్రాలు తీసుకుని డబ్బు చెల్లించడం ఆ ఉద్యోగి రోజూ చేసే పనే. ఆ పని చేస్తూనే మోసం చేశాడు కాబట్టి పోస్టాఫీసు కట్టాల్సిందేనంది కోర్టు.

కాబట్టి మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఒక విషయం అడగండి. ఆ బ్యాంకు ఉద్యోగి మీ ఇంటికి ఎందుకొచ్చాడు? స్నేహంగా వచ్చాడా, మార్చి టార్గెట్ల కోసం డిపాజిట్లు తెమ్మని శాఖవాళ్లు పంపితే వచ్చాడా? పంపితే వచ్చాడంటే ఇల్లే కౌంటర్ అయినట్టు, అప్పుడు మీ కేసు బలంగా నిలబడుతుంది. అలాగే మీ వీధిలో ఇంకెవరి దగ్గరైనా ఇలాగే వసూలు చేసి, ఆ డబ్బు నిజంగా జమ చేశాడేమో కనుక్కోండి. ఇంటింటి వసూళ్లు శాఖకు తెలిసే జరిగాయని చూపించగలిగితే, అది అతని సొంత వ్యవహారమని బ్యాంకు అనడం కష్టం. ఆ వివరాలన్నీ తేదీలతో రాసి బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. పాస్‌బుక్ మాత్రం జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.