లైను 73 దగ్గరే ఎందుకు ఆగింది?

"రేణిగుంటలో ఛార్జర్ అసెంబ్లీ స్టేషన్. ఒక్కో ఛార్జర్‌కు సగటు 40 సెకన్లు వచ్చింది, విశ్రాంతి లాంటి వాటికి 12 శాతం అలవెన్స్ కలిపి గంటకు 80 టార్గెట్ పెట్టాను. 73 దాటడం లేదన్నా, తప్పెక్కడ?"

రేటింగ్ వదిలేశావు తమ్ముడూ, అంటే మామూలు వేగం 100 అనుకుంటే ఆ మనిషి వేగం ఎంత అన్న అంచనా. నువ్వు స్టాప్‌వాచ్ పట్టింది చేయి వేగమున్న మనిషి దగ్గరై ఉంటుంది. కుడిచేత్తో స్క్రూ బిగిస్తూనే ఎడమచేత్తో తర్వాతిది అందుకునే రకం. ఆ వేగానికి రేటింగ్ 110 అనుకో. మామూలు వేగంతో పట్టే నార్మల్ టైమ్ 40 × 1.10 = 44 సెకన్లు. అలవెన్స్ దాని మీద కలపాలి: 44 × 1.12 = 49.28. గంటకు 3600 సెకన్లు, భాగిస్తే 73. లైను వాళ్ల తప్పేం లేదు.

అలాగని లెక్క కుదిరింది కదా అని 110 రాసేయకు. మళ్లీ వెళ్లి ఇంకో ఇద్దరిని కూడా చూడు. రేటింగ్ అక్కడే, పని చూస్తూనే వెయ్యి. ఆఫీసులో కూర్చుని వేస్తే టార్గెట్‌కు తగ్గట్టే పడుతుంది. నేనూ ఒకప్పుడు అలాగే వేశాను!