కాదన్న రాత్రి నిద్ర పట్టకపోతే: ఒక గేట్ విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న: నేను బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫిబ్రవరిలో గేట్ రాయాలి. ప్రాజెక్టులో నలుగురం ఉన్నా రిపోర్టు పనంతా నా మీదే పడింది. పదో తరగతి చదివే మా మేనత్త కొడుక్కి రోజూ సాయంత్రం లెక్కలు చెబుతానని అమ్మ నా తరఫున మాట ఇచ్చేసింది. "మా అమ్మాయి ఎదురు చెప్పదు" అని చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకునేవారు. ఇప్పుడు కాదని చెబితే రాత్రంతా తప్పు చేసినట్టు ఉంటోంది. మర్నాడు నేనే వెళ్లి ఒప్పుకుంటున్నాను. ఏం చేయాలి, మేడమ్?

జవాబు: కాదనడం మీకు ఇప్పటికే వచ్చు. అన్న తర్వాత గడిచే ఆ ఒక్క రాత్రే మీకు కష్టంగా ఉంది. అందుకని ఎదుటివారికి ఏ మాటలతో చెప్పాలన్న దానికంటే ముందు, ఆ రాత్రి మీ మనసులో ఏం జరుగుతోందో చూద్దాం.

పిల్లలు చెప్పినట్టు విన్నప్పుడు ప్రేమ ఎక్కువగా చూపించి, విననప్పుడు ముభావంగా ఉండిపోయే పెంపకాన్ని మనస్తత్వవేత్తలు షరతులతో కూడిన ఆదరణ అంటారు. ఆవి అసోర్, గై రోత్, ఎడ్వర్డ్ డెసీ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన పరిశోధనలో ఇలా పెరిగినవారు పెద్దలు కోరినట్టే నడుచుకుంటున్నారని, అయితే ఇష్టంతో కాక లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టు నడుచుకుంటున్నారని తేలింది. పని చేసిపెట్టినందుకు కలిగే తృప్తి వారిలో ఎక్కువసేపు నిలవలేదు, చేయలేకపోయినప్పుడు సిగ్గు, అపరాధ భావం కలిగాయి, తల్లిదండ్రుల మీద లోలోపల కినుక కూడా కనిపించింది. తమ తల్లిదండ్రుల దగ్గర ఇలాంటి పెంపకాన్నే చూసిన స్త్రీలు తమ కూతుళ్ల విషయంలోనూ అదే పద్ధతి అనుసరించే అవకాశం ఎక్కువని కూడా ఆ పరిశోధకులు గమనించారు కాబట్టి, మీ అమ్మగారిని దోషిగా నిలబెట్టాలని నాకు అనిపించడం లేదు. "ఎదురు చెప్పదు" అన్న మెచ్చుకోలు బహుశా ఆవిడ చిన్నతనంలోనూ వినబడే ఉంటుంది.

అలా పెరిగిన మనసుకు ఎదుటివారి ముఖం కాస్త చిన్నబోవడమే ప్రమాద సంకేతమవుతుంది. మీరు కాదన్న వెంటనే ఆ సంకేతం మోగుతుంది, మర్నాడు ఒప్పుకోగానే ఆగిపోతుంది. ఆగినప్పుడు కలిగే ఉపశమనమే ఈ అలవాటును పెంచి పోషిస్తోంది. ఒప్పుకున్న ప్రతిసారీ "లొంగితేనే ఈ బాధ పోతుంది" అన్న పాఠం మరింత గట్టిపడుతుంది; లొంగకపోయినా అది కొంతసేపటికి దానంతటదే తగ్గుతుందని తెలుసుకునే అవకాశం మనసుకు దొరకనే దొరకదు. అందువల్ల అపరాధ భావం పోయాక కాదందామని ఎదురుచూడకండి. ఈ నైపుణ్యంలో ఆ భావం ఉండగానే మాట మీద నిలబడటం ముందు వస్తుంది, అది పలచబడటం ఆ తర్వాతే జరుగుతుంది.

అయితే అపరాధ భావాలన్నీ అబద్ధమని చెప్పడం కూడా తప్పే. నిజంగా మాట తప్పినప్పుడు, ఒకరికి నష్టం కలిగించినప్పుడు అది రావాలి. తేడా తెలియడానికి రెండు ప్రశ్నలు చాలు: నేను స్వయంగా ఇచ్చిన మాటను తప్పుతున్నానా? నేను చేయకపోవడం వల్ల, నా బాధ్యతలో ఉన్నవారికి నిజమైన హాని జరుగుతుందా? రెంటికీ జవాబు కాదని వస్తే, మీకు కలుగుతున్నది తప్పు చేసిన బాధ కాదు, ఒకరిని నిరాశపరిచిన అసౌకర్యం.

ఈ ప్రశ్నలను మీ ప్రాజెక్టుకే వేసి చూడండి. రిపోర్టులో ఆరు అధ్యాయాలు ఉన్నాయనీ, వాటిలో రెండు మీరు రాస్తానని మొదట్లో ఒప్పుకున్నారనీ అనుకుందాం. ఆ రెండూ ఎగ్గొడితే కలిగే బాధ న్యాయమైనదే, కాబట్టి అవి రాసి ఇవ్వండి. మిగతా నాలుగూ మిమ్మల్ని ఎవరూ అడగకుండానే మీ ఒళ్లో వచ్చి పడినవి. ఇక్కడ మీ మిత్రులకు బాధ్యత గురించి ఉపన్యాసం ఇవ్వడం వల్ల ఉపయోగం ఉండదు. "మీరూ పని చేయాలి" అన్నది కోరిక, దాన్ని తీర్చడం వారి చేతిలో ఉంటుంది. హద్దు అంటే మీరు ఏం చేస్తారో, ఏం చేయరో చెప్పడం, అది పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది. గ్రూపులో ఇలా రాయవచ్చు: "రెండో అధ్యాయం, మూడో అధ్యాయం ఈ శనివారానికి పంపుతాను. గేట్ వల్ల మిగతావి నేను తీసుకోలేను. ఎవరు ఏది రాస్తున్నారో మీరు తేల్చుకుంటే సోమవారం గైడ్ గారికి నలుగురి పేర్లతో జాబితా ఇద్దాం."

ఇందులో కారణం ఒక్కటే ఉంది, అదీ రెండు ముక్కల్లో. మెప్పించడం అలవాటైనవారు కారణాలు ఎక్కువ చెబుతారు, చెప్పిన ప్రతి కారణమూ బేరానికి దారి తీస్తుంది. తలనొప్పి అంటే రేపు చేయమంటారు, టైం లేదంటే గంట పనే కదా అంటారు. మళ్లీ అడిగితే కొత్త కారణం వెతక్కుండా అదే వాక్యాన్ని అదే స్వరంతో చెప్పండి.

చాలామంది ఓడిపోయేది దీని తర్వాతి దశలో. ఇన్నాళ్లూ పనిచేసిన పద్ధతి పనిచేయకపోతే మనుషులు వెంటనే మానుకోరు, కొన్నాళ్లు మరింత గట్టిగా ప్రయత్నిస్తారు. ఫోన్లు పెరుగుతాయి, "నువ్వు మారిపోయావు" అన్న మాట వస్తుంది. దీన్ని చూసి హద్దు బెడిసికొట్టిందని అనుకుంటారు గానీ, నిజానికి అది పట్టు దొరుకుతోందనడానికి గుర్తు. నాలుగుసార్లు కాదని ఐదోసారి లొంగడం మొదటిసారే ఒప్పుకోవడం కంటే నష్టం, ఎందుకంటే ఐదుసార్లు అడిగితే పనవుతుందని మీరే నేర్పినట్టవుతుంది. చివరిదాకా నిలబడగలనన్న నమ్మకం లేని చోట మొదటే ఒప్పుకోవడం మేలని నేను అంటాను, వినడానికి విచిత్రంగా ఉన్నా.

ఇంటి విషయం ఇంకాస్త సున్నితమైనది. అక్కడ మాట ఇచ్చింది మీరు కాదు, కానీ పోయేది అమ్మ పరువు. అందుకని మేనత్త గారి ముందు కాక, అమ్మతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి: "అమ్మా, గేట్ అయ్యేదాకా రోజూ చెప్పలేను. ఆదివారం పది నుంచి పదకొండు వరకూ చెబుతాను. అత్తయ్యకు నేనే ఫోన్ చేసి చెప్తాను." ఆ గంట నిజంగా ఇవ్వగలిగితేనే ఇవ్వండి, బాధ తగ్గించుకోవడానికి ఇచ్చే గంట నెల తిరక్కుండానే మళ్లీ రోజువారీ పాఠమవుతుంది. అమ్మ అలిగి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ రెండు రోజులూ మీరు మామూలుగానే మాట్లాడండి, వంటింట్లో ఎప్పుడూ చేసే సాయం చేయండి, పాఠం సంగతి మాత్రం ఎత్తకండి. కాదన్నా ప్రేమ తగ్గలేదని మాటల్లో చెప్పడం కంటే ఇది ఆవిడకు బాగా అర్థమవుతుంది, మీకూ అర్థమవుతుంది.

ఒకేసారి రెండు చోట్లా మొదలుపెట్టకండి. ముందు ప్రాజెక్టు, అక్కడ అలజడి తగ్గాక ఇల్లు. కాదన్న రోజు రాత్రి అపరాధ భావం ఎంత ఉందో పదికి ఎన్ని అన్నట్టు కాగితం మీద రాసుకోండి, మర్నాడు సాయంత్రం మరోసారి రాయండి, ఈ రెంటి మధ్యలో మాత్రం ఎవరికీ సంజాయిషీ మెసేజ్ పెట్టకండి. ఇవన్నీ అలకలతో సరిపోయే ఇళ్లకు చెప్పిన సలహాలు. కాదన్నందుకు కొట్టడం, చదువు మాన్పిస్తామని బెదిరించడం ఉన్న చోట ఒంటరిగా ఈ ప్రయోగం చేయవద్దు. ముందు కాలేజీ కౌన్సిలర్‌తో గానీ, ఉచిత మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ 14416 నంబరులో గానీ మాట్లాడండి.