మూడు నిమిషాల్లో చెరువు పాట

చి. శ్యామలకు,

మామయ్య ఆశీస్సులు. పాట అందింది. మెట్రోనోమ్ 80లో పెట్టుకుని పాడి పంపిన రికార్డింగూ విన్నాను. 5 నిమిషాలు వచ్చింది. పోటీలో నీకిచ్చింది 3. "రెండో చరణం తీసేయనా, మూడోదా?" అని అడిగావు. చెప్తాను గానీ, చరణం జోలికి వెళ్లేముందు కాగితం మీద ఆవర్తాలు, అంటే తాళం చుట్లు, లెక్కగట్టు. సెకన్లు చూసుకుంటూ కూర్చుంటే ఏది ఎంత తింటోందో తెలియదు.

ఆదితాళం, 8 బీట్లు. నిమిషానికి 80 బీట్లంటే ఒక్కో ఆవర్తానికి 6 సెకన్లు. 3 నిమిషాలకు 30 ఆవర్తాలు. నీ పాటలో ఒక పాదానికి ఒక ఆవర్తం సరిపోయింది కాబట్టి లెక్క తేలిక. నువ్వు పాడిన పద్ధతి ఇదీ: ముందు కీబోర్డు బిట్ 4, పల్లవి రెండుసార్లు 4, అనుపల్లవి 2, మళ్లీ పల్లవి 2. ఆ తర్వాత ప్రతి చరణానికీ ముందు మ్యూజిక్ బిట్ 4. చరణంలో మొదటి రెండు పాదాలు రెండేసి సార్లు, చివరి రెండూ ఒక్కోసారి, మొత్తం 6. చరణం అయ్యాక పల్లవి 2. అంటే చరణం ఒక్కటే అనుకుంటాం గానీ దాని సరంజామాతో కలిపి 12. అలాంటివి మూడు. చివర మరోసారి పల్లవి 2. కూడితే 50.

50ని 30కి దించాలి. నిజానికి 28కి దించాలి. చివరి పాదం కాస్త సాగదీసి నిలపకుండా ఏ పాటా ముగియదు, దానికి రెండు ఆవర్తాల చోటు వదిలిపెట్టాలి. అంటే పోవలసినవి 22.

వేగం పెంచితే సరిపోదా అనుకుంటావేమో. 50 ఆవర్తాలంటే 400 బీట్లు. అవి 3 నిమిషాల్లో పట్టాలంటే నిమిషానికి 133 బీట్ల మీద పాడాలి. అప్పుడు "కప్పల", "మబ్బుల" లాంటి ద్విత్వాలు నోట్లోనే నలిగిపోతాయి, ఊపిరి తీసుకోవడానికి పాదం చివర సందు దొరకదు. 84 దాకా పెంచుకో, అభ్యంతరం లేదు. అంతకు మించితే అది నువ్వు రాసిన పాట కాదు.

ఇక చరణాల సంగతి. ఒక్కో చరణం ఏం చెబుతోందో పాటలోని మాటలు వాడకుండా ఒక్క ముక్కలో రాసి చూడు. మొదటిది "నిన్నటి బీటలు నేలకు గాయము" అని మొదలవుతుంది. అంటే చెరువు ఎండింది. రెండోది "కప్పల బెకబెక మబ్బుల పిలిచెను". కప్పలు అరిచాయి, మబ్బులు వచ్చాయి. మూడోదాంట్లో అలుగు పొంగింది, తూము తెరిచారు, నాట్లు పడ్డాయి. ఇప్పుడు ఒక్కో చరణాన్నీ చేత్తో మూసి, మిగిలినదాని పక్కన పల్లవి పెట్టి చదువు.

చెరువే నిండెను చినుకుల పాటకు
పరుగే వచ్చెను పంటల బాటకు

మొదటి చరణం మూస్తే, ఎండని చెరువు నిండినందుకు సంబరం ఏమిటి? పల్లవి తేలిపోతుంది. మూడోది మూస్తే "పంటల బాట" పల్లవిలోనే ఆగిపోతుంది, పాటలో ఎక్కడా పొలం కనిపించదు. రెండోది మూసి చూడు. ఎండింది, నిండింది. మధ్యలో వాన పడిందని ఎవరూ చెప్పనక్కర్లేదు, పల్లవిలో చినుకులు ఉండనే ఉన్నాయి. కాబట్టి పోవలసింది రెండోదే.

అది నీకు అన్నిటికంటే ఇష్టమైన చరణమని తెలుసు. మూడింటిలో బాగా కుదిరిందీ అదే. కానీ ఆ నాలుగు పాదాలూ ఒకే బొమ్మను నాలుగు వైపుల నుంచి చూపిస్తాయి, కథ అడుగు ముందుకు వేయదు. 5 నిమిషాల పాటకు అది అందం, 3 నిమిషాల పాటకు బరువు. అందులోంచి రెండు పాదాలు తెచ్చి మూడో చరణంలో ఇరికిద్దామని మాత్రం చూడకు. నీ వరసలో మొదటి రెండు పాదాలు కింద తిరుగుతాయి, మూడోది పైషడ్జం తాకుతుంది, నాలుగోది పల్లవి ఎత్తుగడ దాకా దిగుతుంది. సగం చరణం పెడితే పైకెక్కకుండా కిందే ఉండిపోతావు, పల్లవి అందుకునేటప్పుడు గొంతు తడబడుతుంది.

చరణం తీశాక చాలామంది మరిచిపోయేది అతుకు. నీ మూడో చరణం మొదటి పాదం చూడు:

ఆ పిలుపే విని అలుగే పొంగెను

ఏ పిలుపు? కప్పలు పిలిచిన పిలుపు. కప్పలు పోయాయి, పిలుపు మిగిలిపోయింది. నీకు పాటంతా కంఠస్థం కాబట్టి ఈ లోటు నీ చెవికి తగలదు. ఒక చరణం తీసినప్పుడల్లా దాని తర్వాత వచ్చే భాగంలో "ఆ", "అది", "అందుకే", "మళ్లీ" లాంటి మాటల కింద గీత గీసి, అవి దేన్ని చూపిస్తున్నాయో వెతకాలి.

ఇప్పుడు "ఆ పిలుపే విని" అన్న చోట 8 మాత్రలు నింపాలి. "నాలుగు వానలు" సరిపోతుంది గానీ ఆ, అ యతి పోతుంది. వినేవాడు పట్టించుకోడు, నువ్వు పట్టించుకుంటావు. "ఆరుద్ర కురిసె" అంటే యతీ మాత్రలూ రెండూ కుదురుతాయి, కానీ ఆరుద్ర విత్తనాల కార్తె. అప్పటికి చెరువు అలుగు పారిందంటే ఊళ్లో రైతు నవ్వుతాడు. ఆగస్టులో వచ్చే ఆశ్లేష అయితే నప్పుతుంది.

ఆశ్లేష కురిసె, అలుగే పొంగెను

ఆ 2, శ్లే 2, ష 1, కురిసె 3. ఎనిమిదీ వచ్చాయి. "ఆశ్లే" దగ్గర నాలుగు మాత్రలు నిండి "ష" తర్వాతి బీటులో పడుతుంది. అక్కడ విరవకుండా "ఆశ్లేష" ఒక్క ఊపులో అను. పైగా తీసేసిన చరణంలోని వాన కూడా ఈ ఒక్క మాటలో వచ్చేసింది.

చరణంతో పాటు ఏ మ్యూజిక్ బిట్ పోవాలన్నది రెండో చిక్కు. బిట్ ఎప్పుడూ తన వెనక వచ్చే చరణానికి చెందుతుంది. అది ఆగే స్వరమే నీకు ఎత్తుగడ అందిస్తుంది. కాబట్టి రెండో చరణానికి ముందున్న బిట్టు, ఆ చరణమూ కలిపి తీసేయ్. మూడో చరణానికి ముందున్నది ఉంచు. మిగిలిన బిట్లను సగానికి కోసేటప్పుడు కూడా చివరి రెండు ఆవర్తాలు మిగిల్చి మొదటి రెండూ తీసేయాలి. కీబోర్డు అబ్బాయికి "బిట్ తగ్గించు" అని వదిలేస్తే మొదటి సగం వాయించి ఆపేస్తాడు, నువ్వు గాల్లో అందుకోవాలి. ఏ ఆవర్తం నుంచి మొదలుపెట్టాలో పాడి చూపించు.

రెండో చరణం, దాని బిట్టు, దాని వెనక పల్లవి పోతే 12 తగ్గి 38 మిగులుతుంది. ముందున్న బిట్ 4 నుంచి 2కి, మిగిలిన రెండు బిట్లూ 4 నుంచి 2కి. 32. ఇంకా నాలుగు కావాలి. అవి పునరుక్తుల్లోంచి రావాలి.

పునరుక్తులన్నీ ఒకటి కావు. మొదట్లో పల్లవి రెండుసార్లు పాడేది వినేవాడి కోసం. మొదటిసారి వరస వింటాడు, రెండోసారి మాటలు వింటాడు. అది ముట్టుకోవద్దు. మొదటి చరణం పాదాలు రెండేసి సార్లు పాడేదీ అందుకే, చరణం వరస చెవికి కొత్త. అదే వరసలో మూడో చరణం వచ్చేసరికి చెవికి అలవాటైపోయింది, అక్కడ పాదాలు ఒక్కోసారి చాలు. 2 తగ్గాయి. అనుపల్లవి తర్వాత, మొదటి చరణం తర్వాత వచ్చే పల్లవి గుర్తు చేయడానికే కాబట్టి మొదటి పాదం ఒక్కటే పాడు. కానీ "పాటకు" అన్నచోట నీ వరస పైకి లేచి రెండో పాదం కోసం ఎదురుచూస్తున్నట్టు ఆగుతుంది. ఆ రెండుచోట్లా చివరి స్వరాల మలుపు మార్చి షడ్జం మీద దించు, లేకపోతే ఎవరో మైకు లాగేసినట్టుంటుంది. ఇంకో 2 తగ్గాయి. 28 ఆవర్తాలు, 168 సెకన్లు.

చివర పల్లవి రెండుసార్లు, అంటే 4 ఆవర్తాలు అలాగే ఉంచాను. అది నీ అత్యవసర ద్వారం. మైకు సరిచేయడంలోనో, శ్రుతి పెట్టుకోవడంలోనో సమయం పోయిందనుకో, ఒక్కసారే పాడి ముగించు, 12 సెకన్లు చేతికొస్తాయి. ముగించేముందు కీబోర్డుకూ తబలాకూ ఏ సైగ చేస్తావో ముందే చెప్పి ఉంచు. పాట మధ్యలో ఎక్కడా అప్పటికప్పుడు కోయకు, ముగ్గురూ మూడుచోట్ల ఉంటారు. సమయం శ్రుతి నుంచి లెక్కిస్తారా, మొదటి మాట నుంచా అన్నది నిర్వాహకుల్ని ముందురోజే అడుగు. మొదటి మాట నుంచైతే ముందు బిట్ 12 సెకన్లూ నీకు మిగులే. అప్పుడు మూడో చరణం పాదాల పునరుక్తి తిరిగి పెట్టుకోవచ్చు.

నీ స్నేహితురాలు కీర్తన పాడుతోందన్నావు కదా. ఈ లెక్క ఆమెకు యథాతథంగా పనికిరాదు. అన్నమయ్య సంకీర్తనల్లో కవి సంతకంలాంటి వేంకటేశ ముద్ర సాధారణంగా చివరి చరణంలో ఉంటుంది, త్యాగరాజ కృతుల్లోనూ ముద్ర ఎక్కువగా చివరి చరణంలోనే ఉంటుంది. అందుకే కచేరీల్లో చరణాలు ఎక్కువున్న కృతికి పల్లవి, అనుపల్లవి పాడి ముద్ర ఉన్న చరణంతో ముగించడం వాడుక. ఆమె తీయాల్సి వస్తే మధ్య చరణాల్లోంచి తీయాలి. అక్కడ అతుకు కోసం మాట మార్చే హక్కు మాత్రం మనకు లేదు. ఒక చరణం తీస్తే అర్థం తెగుతోందంటే ఆ కీర్తన వదిలేసి పొట్టిది ఎంచుకోవాలి.

కొత్త క్రమం పెద్ద అక్షరాలతో ఒక్క పేజీలో రాసి ముగ్గురికీ తలో కాపీ ఇవ్వు. పాత కాగితం మీద కొట్టివేతలు పెట్టి ఇవ్వకు, తబలా అతను కొట్టేసిన చరణానికే ముగింపు తీర్మానం వాయిస్తాడు. వరసగా మూడుసార్లు పాడి మూడూ రికార్డు చేసి పంపు. మూడూ 165కీ 175కీ మధ్య ఉండాలి. ఒకటి 160కి దిగితే గాభరాతో పరుగెత్తావని అర్థం, అప్పుడు 80తోనే మెట్రోనోమ్ చెవిలో పెట్టుకుని మళ్లీ పాడు.

మీ మామయ్య