ఆటోక్లేవ్ రిజిస్టర్‌లో ‘ఓకే’ బదులు ఏం రాయాలి?

ప్రశ్న: మారతహళ్లిలో రెండు కుర్చీల డెంటల్ క్లినిక్ నాది. నిలువు ఆటోక్లేవ్, రోజుకి రెండు మూడు లోడ్లు. రిజిస్టర్‌లో తేదీ, టైమ్ రాసి పక్కన ‘ఓకే’ అని సంతకం పెడుతున్నాం. మొన్న తనిఖీకి వచ్చినాయన ఇది అసలు లాగ్‌బుక్కే కాదన్నారు. టేపు మీద నల్ల గీతలు వస్తున్నాయి కదా, అది చాలదా? ఇంకా ఏమేం రాయాలి?

జవాబు:

డాక్టర్ గారూ, టేపు చాలదు. గీత నల్లబడిందంటే ఆ ప్యాక్ వేడి ఆవిరిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే అర్థం. ఆటోక్లేవ్‌లో పెట్టిన ప్యాకూ పెట్టనిదీ అరలో కలిసిపోకుండా చూడటం వరకే దాని పని. లోపల ఎంత వేడి వచ్చింది, ఎంతసేపు నిలిచింది అన్నది అది చెప్పలేదు.

నేను ఇక్కడ ఒక ఆస్పత్రిలో పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం, సీఎస్‌ఎస్‌డీలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు కొన్ని చిన్న క్లినిక్‌లకి స్టెరిలైజేషన్ పని చూస్తున్నాను. ఏ రిజిస్టర్ చూసినా నేను అడిగేది ఒక్కటే. లోడ్‌లో పెట్టిన బ్యాక్టీరియా చచ్చిందా లేదా అని చూసే స్పోర్ టెస్ట్ రేపు ఫెయిలైతే ఏ లోడ్లు చెడ్డవో, ఆ పరికరాలు ఏ పేషెంట్లకి వాడారో ఈ పుస్తకం చూసి చెప్పగలరా? ‘ఓకే’ అని రాసిన పుస్తకం చెప్పలేదు. తనిఖీకి వచ్చినాయన అన్నది కూడా ఇదే అయ్యుంటుంది.

మీది నిలువు ఆటోక్లేవ్ అన్నారు కాబట్టి దాని సంగతే చెబుతాను. అందులో అసలు శత్రువు గాలి. మూత బిగించినప్పుడు లోపలంతా గాలే ఉంటుంది. ఆవిరి తేలిక కాబట్టి పైకి పోతుంది, గాలి అడుగున, ప్యాక్‌ల మధ్య చిక్కుకుంటుంది. అందుకే హీటర్ వేశాక వాల్వ్ తెరిచే ఉంచాలి. ఆవిరి ఆగకుండా, ఒకే ధారగా, కనీసం అయిదు నిమిషాలు బయటికి కొట్టాక మూయాలి. తొందరపడి మూస్తే లోపల మిగిలిన గాలి కూడా ప్రెషర్‌లో తన వాటా చూపిస్తుంది. గేజ్ ముల్లు చక్కగా 15 పౌండ్ల దగ్గర నిలబడుతుంది, వేడి మాత్రం రాదు. గాలి పూర్తిగా పోతే 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీలు, సగమే పోతే 112, అసలు పోకపోతే 100 అని పాఠ్యపుస్తకాల్లోనే పట్టిక ఉంటుంది. గేజ్‌కి ఈ మూడింటికీ తేడా తెలియదు. కాబట్టి రిజిస్టర్‌లో ప్రెషర్ ఒక్కటే రాస్తే సగం కథే రాసినట్టు. ఉష్ణోగ్రత కూడా దాని పక్కనే ఉండాలి. మీ మిషన్‌కి ఉష్ణోగ్రత చూపించే డిస్‌ప్లే లేకపోతే, అడుగు దగ్గర ప్రోబ్ పెట్టించండి. పైన పెడితే లాభం లేదు, ఎందుకంటే గాలి నిలిచేది అడుగునే.

ఇక్కడ బెంగళూరు వాళ్లం గుర్తుంచుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, అంటే బయటి గాలి ఒత్తిడే తక్కువ. గేజ్ చూపించేది బయటి గాలి మీద లోపల ఎంత ఎక్కువ ఉందన్నది. 15 పౌండ్లకి 121 డిగ్రీలు అనే లెక్క చెన్నైలాంటి సముద్రతీరపు ఊరికి సరిపోతుంది. ఇక్కడ గాలంతా పోయినా 15 పౌండ్ల దగ్గర 119 డిగ్రీలు కాస్త దాటుతుందంతే. 121 రావాలంటే గేజ్ సుమారు 16.5 చూపించాలి. వెయ్యి అడుగులకి అర పౌండు కలుపుకోమని చెప్పే లెక్క ఇదే. ఆ రెండు డిగ్రీల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, 119 దగ్గర 15 నిమిషాలు ఉంచితే 121 దగ్గర పది నిమిషాలు ఉంచినంత పనే జరుగుతుంది. ప్యాక్ చేసినవాటిని 30 నిమిషాలు ఉంచే క్లినిక్‌లో ఇది ఒక్కటే కొంప ముంచదు. వాల్వ్ తొందరపాటు కూడా దీనికి తోడైతే ముంచుతుంది. ప్రెషర్ స్విచ్ పెంచడం మాత్రం మీరు చేయకండి. మిషన్ ఎంత ఒత్తిడికి తయారైందో, సేఫ్టీ వాల్వ్ ఎక్కడ తెరుచుకుంటుందో చూసి టెక్నీషియన్ చేయాలి.

నేను చూసే ఒక క్లినిక్‌లో జరిగింది చెబుతాను. అక్కడ స్విచ్ అప్పటికే 16.5కి సెట్ చేసి ఉంది, ప్రోబ్ కూడా ఉంది. వారానికోసారి, సోమవారం, స్పోర్ టెస్ట్. బుధవారం పొద్దున చూస్తే వయల్ పసుపు రంగులోకి మారింది. అంటే లోపలి బ్యాక్టీరియా చావలేదు, పెరిగింది. ఆటోక్లేవ్‌లో పెట్టకుండా పక్కనుంచిన అదే లాట్ వయల్ కూడా పసుపు అయింది కాబట్టి టెస్ట్‌లో లోపం లేదు. వెంటనే మిషన్ ఆపేసి రిజిస్టర్ ముందు కూర్చున్నాం.

ఆ రిజిస్టర్‌లో ప్రతి లోడ్‌కీ హీటర్ వేసిన టైమ్, వాల్వ్ మూసిన టైమ్, ప్రెషర్ వచ్చిన టైమ్, అప్పటి ఉష్ణోగ్రత, ఆపిన టైమ్ అని గడులున్నాయి. పొద్దుటి లోడ్లన్నిటిలో హీటర్ వేశాక ఇరవై, ఇరవై రెండు నిమిషాలకి వాల్వ్ మూశారు, వేడి 121 లేదా 122. గురువారం సాయంత్రం నుంచి మాత్రం వేరే చేతిరాత. ఒక వరస ఇలా ఉంది: లోడ్ 18-2, హీటర్ 6:10, వాల్వ్ మూసింది 6:23, ప్రెషర్ 6:34కి 16.5, వేడి 116, ఆపింది 7:04. ఆ చేతిరాత ఉన్న ప్రతి సాయంత్రమూ ఇదే తంతు. ప్రెషర్ పొద్దుటి లోడ్లతో సమానం, వేడి అయిదారు డిగ్రీలు తక్కువ. వేరే పరీక్ష ఏదీ చేయకుండానే కారణం పేజీ మీద కనిపించింది. సాయంత్రం షిఫ్ట్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి ‘ఆవిరి కనపడగానే మూసెయ్’ అని ఎవరో చెప్పారు. ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది, చూసింది చూసినట్టే రాసింది. ఆమె 116 అని నిజాయితీగా రాయబట్టే మాకు దారి దొరికింది. 121 అని అలవాటుగా దించేసి ఉంటే ఆ వారంలోని లోడ్లన్నీ అనుమానంలో పడేవి.

ఒక్క స్పోర్ టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన, ఇంప్లాంట్లు తప్ప, వాడినవన్నీ వెనక్కి పిలవాల్సిన పని లేదు. మిషన్‌లోనో నడిపిన పద్ధతిలోనో లోపం ఉన్నట్టు తేలితే పిలవాలి. ఇక్కడ పద్ధతిలో లోపం తేలింది. కాబట్టి గురువారం నుంచి వచ్చిన సాయంత్రపు లోడ్ల నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాం. ప్రతి పౌచ్ మీదా లోడ్ నంబరు స్టిక్కర్ ఉంది. అరలో ఉన్నవాటిలో ఆ నంబర్లున్న పౌచ్‌లు తీసేసి, విప్పి, మళ్లీ కడిగి, కొత్త పౌచ్‌ల్లో పెట్టించాం. వాడేసినవాటి సంగతి కేస్ షీట్లు చెప్పాయి. ఆ క్లినిక్‌లో పౌచ్ తెరవగానే దాని స్టిక్కర్ పీకి పేషెంట్ కేస్ షీట్ మీద అంటిస్తారు. అలా కొందరు పేషెంట్ల పేర్లు తేలాయి, ఒకరికి జ్ఞానదంతం సర్జరీ. డాక్టర్ గారు ఒక్కొక్కరికీ స్వయంగా ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, చూపించుకోడానికి రమ్మన్నారు. వారంలో వచ్చిన పేషెంట్లందరికీ ఫోన్ చేయాల్సిన పరిస్థితి రాలేదంటే కారణం ఆ స్టిక్కరే.

వాల్వ్ సరైన టైమ్‌కి మూసి మళ్లీ స్పోర్ టెస్ట్ పెడితే నెగెటివ్ వచ్చింది, వేడి 121 చూపించింది. అప్పుడే మిషన్‌ని వాడకంలోకి తెచ్చాం. గమనించారా, ఆ సోమవారం టెస్ట్ పెట్టింది సాయంత్రం లోడ్‌లో. ఎప్పుడూ పొద్దున మొదటి లోడ్‌లోనే పెడుతూ ఉంటే ఈ లోపం నెలల తరబడి బయటపడేది కాదు. అందుకే ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం, మిషన్ నడిపే అందరి చేతుల మీదుగా టెస్ట్ వెళ్లేలా చూడండి.

ఇప్పుడు మీ రిజిస్టర్. గడులు ఎక్కువ పెడితే ఎవరూ నింపరు, కాబట్టి పైన చెప్పిన టైమ్‌లు, ప్రెషర్, వేడి, లోడ్ నంబరు ఉంటే పుస్తకం నడుస్తుంది. వాటితో పాటు లోపల ఏమున్నాయో రెండు ముక్కలు: ఎక్స్‌ట్రాక్షన్ ఫోర్సెప్స్ సెట్లు నాలుగు, స్కేలర్ టిప్‌లు, అలాగ. లోడ్ నంబరుకి తేదీ, ఆ రోజు ఎన్నో లోడ్ అన్నది చాలు. ఉష్ణోగ్రత గడి పైన పెద్ద అక్షరాలతో ‘121 రాకుండా టైమర్ వేయొద్దు’ అని రాయించండి. ఆ క్లినిక్‌లో లేనిది అదే. 116 అని రాసిన చేతికి, అది తప్పు అంకె అని చెప్పేవాళ్లు లేరు. టైమర్‌ని గేజ్ చూసి కాదు, వేడి చూసి వేయాలి.

చివరి గడి విడుదల సంతకం. లోడ్ దించినవాళ్లే, ప్యాక్‌లు తడిగా లేవని చూసి, ఒక పౌచ్ విప్పి లోపలి ఇండికేటర్ స్ట్రిప్ మారిందని చూసి సంతకం పెట్టాలి. ఆ స్ట్రిప్ టైప్ 5 రకమైతే మేలు. అది వేడినీ, ఆవిరినీ, సమయాన్నీ కలిపి చూస్తుంది, టేపులా ఒక్క వేడి తగిలితే మారిపోదు. తడిసిన పౌచ్ వస్తే ‘విడుదల చేయలేదు, మళ్లీ పెట్టాం’ అని ఎర్ర సిరాతో రాయండి. నేను తనిఖీకి వెళ్లినప్పుడు ఏడాది పొడవునా ఒక్క ఎర్ర గీత కూడా లేని రిజిస్టర్ చూస్తే నాకు అనుమానమే వస్తుంది. తప్పు రాస్తే వైట్‌నర్ వద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం చేయాలి.

కడగడం గురించి కూడా ఒక సంతకం ఉండాలి. ఫోర్సెప్స్ కీలు దగ్గర ఎండిన రక్తం ఉంటే దాని కిందికి ఆవిరి చేరదు, 121 వచ్చినా ప్రయోజనం లేదు. అల్ట్రాసోనిక్ నుంచి తీశాక కీళ్లు తెరిచి, భూతద్దం కింద చూసినవాళ్ల పేరు రాయిస్తే ఆ పని నిజంగా జరుగుతుంది.

మీరు అడగలేదు కానీ, హ్యాండ్‌పీస్‌లు కూడా ఈ నిలువు మిషన్‌లోనే పెడుతుంటే ఎంత మంచి రిజిస్టర్ రాసినా అది వాటికి వర్తించదు. హ్యాండ్‌పీస్ లోపలి సన్నటి గొట్టాల్లోని గాలి వాల్వ్ తెరిచినంత మాత్రాన బయటికి రాదు, పంపుతో లాగాలి. దానికి ముందే వ్యాక్యూమ్ లాగే క్లాస్ బి మిషన్ కావాలి. అది కొనేదాకా హ్యాండ్‌పీస్‌ల లోడ్‌ని క్లాస్ బి ఉన్న వేరే క్లినిక్‌లో చేయించుకుని, వాళ్ల లోడ్ నంబరునే మీ కేస్ షీట్ మీద అంటించండి.