క్లౌడ్ బిల్లును నా జీతంలోంచి పట్టుకోవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక స్టార్టప్‌లో డెవాప్స్ ఇంజినీరుగా పనిచేసి ఇటీవలే రాజీనామా చేశాను. నేను పెట్టిన టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌ను తీసేయడం మరచిపోయాను. దానివల్ల అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ బిల్లు ఒక్క నెలలో 1,832 డాలర్లు పెరిగిందట. అంతా నార్త్ వర్జీనియా రీజియన్‌లో, ప్రైవేట్ సర్వర్లను ఇంటర్నెట్‌కు కలిపే నాట్ గేట్‌వే కిందే పడిందట. ఆ మొత్తాన్ని ఫుల్ అండ్ ఫైనల్‌లో పట్టుకుంటామంటున్నారు. పట్టుకోవచ్చా?

జవాబు: నేరుగా పట్టుకోవడానికి వీల్లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ జీతం ఎంతైనా ఉద్యోగులకు వర్తిస్తుంది. నష్టం పేరుతో కోత వేయాలంటే సెక్షన్ 18 ప్రకారం ఆ వస్తువులను మీ సంరక్షణకు స్పష్టంగా అప్పగించి ఉండాలి, లేదా పోయిన డబ్బుకు లెక్క చెప్పాల్సిన బాధ్యత మీదై ఉండాలి. పైగా ఆ నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. నా అభిప్రాయంలో క్లౌడ్ వాడకపు బిల్లు ఈ రెండింటిలోకీ రాదు, కంపెనీ మాత్రం వస్తుందని వాదించవచ్చు. అప్పుడు కూడా సెక్షన్ 21 ప్రకారం ముందు మీ సంజాయిషీ వినాలి, అసలు నష్టానికి మించి తీసుకోకూడదు. అన్ని కోతలూ కలిపినా ఆ కాలపు వేతనంలో సగం దాటకూడదు.

అందుకే 'నష్టం ఎంత, అందులో నా వాటా ఎంత' అన్నదే అసలు ప్రశ్న. ఏడబ్ల్యూఎస్ ఖర్చులను చూపించే Cost Explorerలో Usage type వారీగా, రోజువారీగా తీసిన నివేదిక ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఆ రీజియన్‌లో నాట్ గేట్‌వేకు గంటకు 0.045 డాలర్లు. ఖాళీగా నెలంతా, అంటే 720 గంటలు, వదిలేసినా 32.40 డాలర్లే. మిగతా సుమారు 1,800 డాలర్లు కావాలంటే జీబీకి 0.045 చొప్పున దాదాపు 40,000 జీబీ డేటా దాని గుండా పోయి ఉండాలి. మరచిపోవడం వల్ల వచ్చిన ఖర్చు వేరు, డేటా పారడం వల్ల వచ్చింది వేరు. NatGateway-Hours, NatGateway-Bytes అని బిల్లులోనూ విడిగానే కనిపిస్తాయి. అంత డేటాను లాగిన జాబ్ ఎవరిది? అది అదే రీజియన్‌లోని స్టోరేజ్ సేవ S3 నుంచి వచ్చిందైతే, నాట్ గేట్‌వేతో పని లేకుండా S3కి దారి ఇచ్చే, ఉచితంగా దొరికే గేట్‌వే ఎండ్‌పాయింట్‌ను ఎందుకు పెట్టలేదు, ఆ డిజైన్‌ను ఎవరు ఆమోదించారు? బడ్జెట్ అలర్టులు ఎవరికి వెళ్లాయి? ఏడబ్ల్యూఎస్‌ను మినహాయింపు అడిగారా? అడిగితే ఎంత తగ్గించారో కూడా చెప్పమనండి, అది నష్టంలోంచి పోతుంది.

ఇందులో ఆలస్యం చేయకండి. ఖాతాలో జరిగిన చర్యలను నమోదు చేసే CloudTrail Event history 90 రోజులే ఉంటుంది. ఎవరు, ఎప్పుడు ఏం సృష్టించారో దాన్లో తెలుస్తుంది కాబట్టి భద్రపరచమని వెంటనే ఈమెయిల్ పంపండి. మీరే ఆ లాగులను సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, అది గోప్యతా ఒప్పందాన్ని ఉల్లంఘించడం కావచ్చు. కోతకు ఒప్పుకుంటున్నట్టున్న ఏ కాగితంపైనా సంతకం చేయకండి.

మీ నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందనుకుంటే కంపెనీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద సివిల్ దావా వేసుకోవచ్చు, రుజువు భారం దానిదే. రాజీనామా చేసినవారికి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ సెక్షన్ 17 చెబుతోంది. ఆపితే, లేదా అక్రమంగా కోస్తే, అదే కోడ్ సెక్షన్ 45 కింద నియమితుడైన అధికారికి మూడేళ్లలోపు క్లెయిమ్ పెట్టండి. రావాల్సిన మొత్తంతోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది.